ఒక మత్తుమందు, ఒక సమాజం, ఒక్క అక్షరం: డీఎన్‌ఏ పరీక్ష చెప్పేదెంత?

ఈ పాఠం ప్రయోగశాలలో కాక ఒక ఆపరేషన్ థియేటర్‌లో మొదలవుతుంది. కోస్తా జిల్లాలోని ఒక పట్టణంలో ఇరవై రెండేళ్ల యువకుడికి అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. అతని అక్క ఒకప్పుడు నా విద్యార్థిని. కనుక ఈ సంగతి నాకు ఆ కుటుంబం ద్వారానే తెలిసింది. ఆపరేషన్ నలభై నిమిషాల్లో సవ్యంగా ముగిసింది. మత్తు వాయువు ఆపేశారు. రోగి తనంత తాను ఊపిరి తీసుకోవాలి. తీసుకోలేదు. పది నిమిషాలు, అరగంట, గంట గడిచాయి. గుండె చక్కగా కొట్టుకుంటోంది. రక్తపోటు బాగుంది. అయినా ఛాతీ కదలదు, వేలు కదలదు. అదృష్టవశాత్తు అక్కడ వెంటిలేటర్ ఉంది, మత్తు వైద్యుడు అనుభవజ్ఞుడు. ఆయన కంగారుపడకుండా రోగిని నిద్రలోనే ఉంచి యంత్రంతో శ్వాస ఇప్పిస్తూ వచ్చారు. ఐదు గంటల తర్వాత కుర్రవాడు కదిలాడు. మర్నాడు మామూలుగా ఇడ్లీ తిన్నాడు.

ఆ వైద్యుడు తండ్రిని పక్కకు పిలిచి అడిగిన మొదటి ప్రశ్న: "మీరు వైశ్యులా అండీ?"

వినడానికి మర్యాదగా లేదనిపించే ఈ ప్రశ్న వెనుక డెబ్భై ఏళ్ల విజ్ఞాన చరిత్ర ఉంది. డీఎన్‌ఏ పరీక్ష మన పూర్వీకుల గురించి, మన ఆరోగ్యం గురించి ఏం చెప్పగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఆ చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకని దాన్నే వరుసగా చూద్దాం.

ముందు మందు సంగతి. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలోకి గొట్టం దించాలి. అందుకు దవడ, గొంతు కండరాలు పూర్తిగా వదులు కావాలి. 1951 నుంచి ఈ పనికి సక్సినైల్ కోలిన్ అనే మందు వాడుకలోకి వచ్చింది. నాడి నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకెళ్లే అసిటైల్ కోలిన్ అణువులు రెండింటిని జతచేస్తే ఎలా ఉంటుందో ఈ మందు అలా ఉంటుంది. కండరం దీన్ని అసలైన దూత అనుకుని ఒకసారి అదిరి, తర్వాత స్తంభించిపోతుంది. దీని గొప్పతనమల్లా వేగంలో ఉంది. నిమిషంలో పనిచేస్తుంది, ఐదు పది నిమిషాల్లో పోతుంది. అంత త్వరగా పోవడానికి కారణం మన రక్తంలోని బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము. కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. సూదితో ఎక్కించిన మందులో చాలా భాగాన్ని ఈ ఎంజైము దారిలోనే తునకలు చేసేస్తుంది. కండరానికి చేరేది కొద్దిపాటి మాత్రమే. ఎంజైము లేనివారిలో ఎక్కించిన మందంతా కండరాలకు చేరి, మూత్రపిండాలు మెల్లగా బయటకు పంపేదాకా అక్కడే తిష్ఠ వేస్తుంది.

మామూలు జీవితంలో ఈ ఎంజైము లేకపోయినా మనిషికి ఏ లోటూ తెలియదు. తినవచ్చు, పరుగెత్తవచ్చు, నూరేళ్లు బతకవచ్చు. ఈ మందుగాని, దీని తరహాలో విరిగే మైవాక్యూరియంగాని ఒంట్లోకి ఎక్కిననాడే లోపం బయటపడుతుంది.

1950లలో కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో అనే ఔషధ శాస్త్రవేత్త ఈ చిక్కును పట్టుకున్నాడు. ఊపిరి ఆగిన రోగులందరిలో ఎంజైము తక్కువగా ఉండటం కాదు, కొందరిలో ఎంజైము తీరే వేరుగా ఉందని ఆయన గమనించాడు. డైబుకేయిన్ అనే మందును రక్తనమూనాకు కలిపితే మామూలు ఎంజైము పని సుమారు 80 శాతం ఆగిపోతుంది. తేడా ఉన్న ఎంజైము పని 20 శాతమే ఆగుతుంది. ఆ తేడా కుటుంబాల్లో మెండెల్ సూత్రాల ప్రకారమే సంక్రమిస్తోంది. ఒక మందు ఒకరికి మేలు, మరొకరికి ప్రమాదం ఎందుకవుతుందో వంశపారంపర్యంతో వివరించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. 1957లో ఇది ప్రచురితమయ్యేనాటికి డీఎన్‌ఏను చదవడం ఎవరికీ చేతకాదని గుర్తుంచుకోండి. రక్తమూ, ఒక రసాయనమూ, ఓపికా ఉంటే చాలింది.

తర్వాత ఇంకో రకం బయటపడింది. వీరిలో ఎంజైము పని దాదాపు శూన్యం. దీనికి 'మౌన జన్యువు' అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఇది చాలా అరుదు. 1960లలో అలాస్కా పశ్చిమ తీరంలోని ఎస్కిమోలలో మాత్రం ఎక్కువగా కనిపించింది. 1979లో ఆంధ్రప్రదేశ్ వైశ్యులలోనూ ఈ మౌన జన్యువు చాలా ఎక్కువగా ఉందని ఒక పరిశోధనా పత్రం వెలువడింది. ఇతర సమూహాలతో పోలిస్తే సుమారు నూరు రెట్లు ఎక్కువని ఇప్పుడు లెక్కిస్తున్నారు. మన రాష్ట్రాల మత్తు వైద్యులకు ఇది బాగా తెలిసిన విషయం. కుర్రవాడి తండ్రిని ఆ ప్రశ్న అడగడానికి కారణం ఇదే.

అసలు లోపం ఏ అక్షరంలో ఉందో 2006లో తేలింది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన బూపతి బృందం, విదేశీ సహచరులతో కలిసి, ఈ సమాజంలోని వారి జన్యువును చదివింది. ఎంజైము ఒక పొడవైన అమైనో ఆమ్లాల దండ. దానిలో 307వ పూస ల్యూసిన్ కావాలి. దాని చోట ప్రోలిన్ వచ్చి చేరింది. ప్రోలిన్ దండను వంచే రకం. అది చేరినచోట ముడత సరిగా పడదు, ఎంజైము నిలవదు. ఇంతకీ డీఎన్‌ఏలో జరిగిన మార్పు ఒకే ఒక్క అక్షరం: టి ఉండవలసిన చోట సి.

ఇక్కడ కాసేపు ఆగి మన కుర్రవాడి కుటుంబాన్ని లెక్క వేద్దాం. అతనికి ఎంజైము దాదాపు లేదు కనుక అతని రెండు జన్యు ప్రతులూ లోపమున్నవే. ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి వచ్చాయి. తల్లిదండ్రులిద్దరూ మామూలుగానే ఉన్నారు. తండ్రికి గతంలో ఇదే మందుతో హెర్నియా ఆపరేషన్ కూడా ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. కాబట్టి వారిద్దరూ వాహకులు, అంటే ఒక మంచి ప్రతి, ఒక లోప ప్రతి ఉన్నవారు. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ లోప ప్రతులే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకురాలయ్యే అవకాశం నాలుగింట రెండు, రెండూ మంచివే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తమ్ముడికి వచ్చింది కదా అని అక్కకు రాదనీ అనలేం, వచ్చి తీరుతుందనీ అనలేం.

ఇప్పుడు 'మీరు వైశ్యులా' అన్న ప్రశ్న విలువెంతో చూద్దాం. లెక్క సులభంగా ఉండటానికి ఒక సంఖ్య ఊహించుకుందాం. ఇది కేవలం ఊహ సుమా! ఒక సమూహంలో ఉన్న ఈ జన్యు ప్రతులన్నిటిలో పదింట ఒకటి లోపమున్నది అనుకోండి. అప్పుడు నూరుమందిలో రెండూ లోప ప్రతులే ఉన్నవారు ఒక్కరు, వాహకులు 18 మంది, ఏ లోపమూ లేనివారు 81 మంది. అంటే సమూహంలో లోపం ఇంత సాధారణంగా ఉన్నా, ఆ సమూహంలోని మనిషి ఎదురైతే అతనికి ఆ లోపం లేకపోవడానికే అవకాశం నూటికి 99. కులం పేరు వైద్యుడికి ఒక హెచ్చరిక, అంతే. రోగనిర్ధారణ కాదు. అదే విధంగా వేరే కులం పేరు చెప్పినవారికి ఎంజైము తప్పక ఉంటుందన్న హామీ కూడా లేదు. రెండోదాన్ని చాలామంది మరచిపోతారు.

అక్షరం దొరికింది కనుక ఇక డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు కాస్త తిరకాసు. రక్తంలో ఎంజైము ఎంత పనిచేస్తోందో కొలిచే పాత పరీక్ష చవక, జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతుంది, కారణం ఏదైనా లోపాన్ని పట్టిస్తుంది. కానీ ఆ కొలత కాలేయ వ్యాధిలోనూ, గర్భధారణలోనూ, పోషకాహార లోపంలోనూ పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మన పల్లెల్లో వాడే ఆర్గనోఫాస్ఫరస్ పురుగుమందులు ఈ ఎంజైమును నేరుగా దెబ్బతీస్తాయి. పురుగుమందు తాగారన్న అనుమానంతో వచ్చినవారికి ఆస్పత్రుల్లో చేసే రక్తపరీక్ష ఇదే. పుట్టుకతోనే ఎంజైము లేని మనిషి స్పృహ తప్పి ఆస్పత్రికి వస్తే, ఆ ఒక్క అంకెను చూసి విషప్రయోగం అని పొరబడే ప్రమాదం ఉంది. డీఎన్‌ఏ అక్షరం ఇలా ఋతువును బట్టి, రోగాన్ని బట్టి మారదు. పుట్టిననాడు చదివినా, డెబ్భయ్యో ఏట చదివినా ఒకటే. కానీ 307వ స్థానాన్ని మాత్రమే చూసే పరీక్షకు మిగతా స్థానాల్లోని లోపాలు కనబడవు. ఈ జన్యువులో లోపాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒక పరీక్ష 'ఇప్పుడు ఎలా ఉంది' అని చెబుతుంది, మరొకటి 'ఎందుకు అలా ఉంది' అని చెబుతుంది. రెండూ కలిపి చూడగల వైద్యుడే అసలు తీర్పరి.

అసలు ఈ ఒక్క అక్షరం ఈ ఒక్క సమాజంలోనే ఎందుకు పేరుకుంది? ఇక్కడి నుంచి మన కథ వైద్యాన్ని వదిలి చరిత్రలోకి వెళుతుంది.

2009లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్‌లు, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 'నేచర్' పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. భారతదేశంలోని 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్‌ఏలో ఒక్కొక్కరిలో ఐదు లక్షలకు పైగా స్థానాలను పోల్చి చూశారు. వారిలో ఆంధ్రప్రదేశ్ వైశ్యులు కూడా ఉన్నారు. ఆ సమాజంలో ఏ ఇద్దరిని పోల్చినా, అక్షరాలు అచ్చంగా ఒకేలా ఉన్న చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించాయి. అంటే వారంతా ఒకప్పటి కొద్దిమంది పూర్వీకుల సంతతి. దీన్ని స్థాపక ఘటన అంటారు. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గర ఏదైనా అరుదైన లోపం ఉంటే, జనాభా పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. మొదటి విత్తనాల్లో ఒకటి వంకరదైతే చేనంతటా ఆ వంకర కనిపిస్తుంది కదా, అలాగన్నమాట.

ఎప్పటి మాట ఇది? ముక్క పొడవు చెబుతుంది. ప్రతి తరంలో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు తెగి, ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి. అందువల్ల ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిన ముక్క తరతరానికీ పొట్టిదవుతూ ఉంటుంది. దగ్గరి బంధువుల మధ్య పొడవైన ముక్కలు, దూరపు బంధువుల మధ్య పొట్టి ముక్కలు ఉంటాయి. వైశ్యులలో దొరికిన ముక్కల పొడవును బట్టి ఆ ఘటన నూరు తరాలకు పూర్వం జరిగిందని తేలింది. తరానికి పాతికేళ్లనుకున్నా రెండున్నర వేల ఏళ్లు!

ఇంకో సంగతి కూడా తేలింది, అది నాకు ఇంకా ఆశ్చర్యం. ఆ గుర్తు ఇప్పటికీ చెదరకుండా ఉందంటే, తరానికి ముప్ఫైమందిలో ఒక్కరు కూడా బయటివారు ఆ సమాజంలోకి వచ్చి చేరి ఉండకూడదని పరిశోధకులు లెక్కగట్టారు. మీరే వేసి చూడండి. తరానికి ముప్ఫైలో ఒక వంతు బయటి రక్తం కలిస్తే పాతది 29/30 వంతు మిగులుతుంది. నూరు తరాలకు దాన్ని నూరుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.034, అంటే నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే పాతది మిగిలేది. తరానికి పదిలో ఒక వంతు కలిసి ఉంటే నూరు తరాల తర్వాత లక్షలో మూడు పాళ్లు కూడా మిగలవు. సమాజం లోపలే పెళ్లిళ్లు చేసుకునే పద్ధతిని, అంటే అంతర్వివాహాన్ని, ఎంత గట్టిగా పాటించి ఉంటే ఇలా జరుగుతుంది! కులాల గోడలు ఇంత గట్టిపడింది బ్రిటిషువారి పాలనలో, వారి జనాభా లెక్కల వల్లనే అని కొందరు చరిత్రకారులు వాదించారు. కనీసం ఈ ఒక్క సమాజం విషయంలో పెళ్లిళ్ల గోడ అంతకంటే ఎంతో పాతదని డీఎన్‌ఏ చెబుతోంది.

దీన్ని దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లతో కలపకండి. మేనరికాలు మన తెలుగు ప్రాంతాల్లో మామూలే. మేనమామ, మేనకోడళ్ల సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి కావడానికి అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనబావ మరదళ్ల సంతానంలో పదహారింట ఒకటి. కానీ మేనరికం అసలు చేసుకోని ఇంట్లో కూడా, గోత్రాలు వేరైనా, నూరు తరాల కిందటి ఉమ్మడి పూర్వీకుల నుంచి ఆ ఒక్క అక్షరం ఇరువైపులా రావచ్చు. మన కుర్రవాడి తల్లిదండ్రులకు ఏ చుట్టరికమూ లేదు.

మరి డీఎన్‌ఏ ఇంత చెప్పినప్పుడు చెప్పలేనిదేమిటి? చాలా ఉంది. నూరు తరాల కిందట ఆ కొద్దిమంది తమను ఏ పేరుతో పిలుచుకున్నారో అది చెప్పదు. వ్యాపారం చేశారా, వ్యవసాయం చేశారా, ఏ భాష మాట్లాడారు, ఏ ఊళ్ల నుంచి వచ్చారు, పెళ్లిళ్ల గోడ తామే కట్టుకున్నారా, ఇతరులు కట్టారా, ఇవేవీ అక్షరాల్లో లేవు. వాటికి శాసనాలు, సాహిత్యం, నాణేలు, తవ్వకాలు కావాలి. పైగా 25 సమూహాలకు 132 మంది అంటే ఒక్కో సమూహానికి సగటున ఐదుగురే. ఒక్కొక్కరిలో లక్షల స్థానాలను చూశారు కాబట్టి పెద్ద గీతలు గీయడానికి ఆ ఐదుగురు చాలారు. కానీ ఒక కులంలోని అన్ని శాఖలకూ, అన్ని జిల్లాలకూ వారే ప్రతినిధులని అనుకోవడం సాహసమే.

అదే పత్రం భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనాల మిశ్రమమని చెప్పింది. వాటికి ప్రాచీన ఉత్తర భారతీయులు, ప్రాచీన దక్షిణ భారతీయులు అని పేర్లు పెట్టారు. మొదటి పాలు చాలా సమూహాల్లో 39 నుంచి 71 శాతం మధ్య ఉందన్నారు. 2013లో మరో లెక్క ఈ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు సాగిందని తేల్చింది. అప్పటిదాకా అందరూ అందరితో కలిశారు, ఆ తర్వాత గోడలు లేచాయి అన్నమాట. 2019లో ప్రాచీన అస్థికల డీఎన్‌ఏ వందల సంఖ్యలో చేతికొచ్చాక చిత్రం మళ్లీ మారింది. ఇక్కడి ఆదిమ వేటగాళ్లు, ఇరాన్ ప్రాంతపు ప్రాచీనులతో సంబంధమున్న జనం, మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకులు అనే మూడు ధారలుగా దాన్ని విడదీశారు. 2009లో రాసినది అబద్ధం కాదు. అప్పుడు పోల్చడానికి చేతిలో ఉన్నది అంతే. వంశచరిత్ర చెప్పే డీఎన్‌ఏ పరీక్ష ఏదైనా పోలిక మాత్రమే. ఎవరితో పోల్చారన్నది మారితే జవాబు మారుతుంది.

ఇప్పుడు కుర్రవాడి అక్క దగ్గరికి వద్దాం. ఆమె పెళ్లయి అమెరికాలో స్థిరపడింది. అక్కడ ఒక కంపెనీకి గొట్టంలో లాలాజలం పంపితే వంశ వివరాలు, ఆరోగ్య వివరాలు నివేదికగా పంపుతారు. ఆమె ఆ నివేదికను నాకు చూపించింది. 'దక్షిణ భారత ఉపఖండం' అని పెద్ద శాతం, దాని పక్కన మధ్య ఆసియా పేరుతో చిన్న శాతం. ఏడాది తర్వాత అదే ఖాతాలో చూస్తే రెండో పేరు మాయమైంది! లాలాజలం మారలేదు, డీఎన్‌ఏ మారలేదు. కంపెనీ తన పోలిక జాబితాలో మరికొందరు భారతీయులను చేర్చుకుంది, అంతే. ఈ శాతాలు ఆమె ముత్తాతలు ఎక్కడివారో చెప్పడం లేదు. ఇప్పుడు జీవించి ఉన్న, ఆ జాబితాలో ఉన్న మనుషుల్లో ఎవరిని ఆమె ఎక్కువగా పోలి ఉందో చెబుతున్నాయి.

పది తరాలు వెనక్కి వెళితే ప్రతివారికీ 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. డీఎన్‌ఏ పెద్ద ముక్కలుగా పంచబడుతుంది కాబట్టి, వారిలో దాదాపు సగం మంది నుంచి మనకు ఒక్క ముక్క కూడా చేరి ఉండదు. కుటుంబ వృక్షంలో వారు మన తాతముత్తాతలే, డీఎన్‌ఏలో మాత్రం లేరు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను, తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోమునూ చూసి 'మీ మూలపురుషుడు ఫలానా' అని చెప్పే నివేదికలు ఆ 1,024 మందిలో ఒక్కొక్కరి దారిని మాత్రమే పట్టుకుంటాయి. మిగిలిన 1,022 మంది మాటేమిటని అడగాలి.

ఆమె నివేదికలో ఆరోగ్య భాగం ఇంకా ఆసక్తికరం. అందులో ఈ ఎంజైము పేరు కూడా ఉంది. ఎదురుగా 'లోపం కనబడలేదు' అని రాసి ఉంది. తమ్ముడి సంగతి తెలిసిన ఆమె ఊపిరి పీల్చుకుంది. కింద చిన్న అక్షరాల్లో ఏ స్థానం చూశారో ఉంటుంది, చదవమన్నాను. చూసినది ఐరోపావారిలో ఎక్కువగా కనిపించే, కాలో కనుగొన్న రకానికి చెందిన 70వ స్థానం. 307 జాబితాలోనే లేదు!

దీనిలో మోసం లేదు, పద్ధతే అంత. మన జన్యు గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఈ చవక పరీక్షలు గ్రంథమంతా చదవవు. ఒక చిప్పు మీద ముందుగా ఎంచుకున్న కొన్ని లక్షల స్థానాలను మాత్రమే చూస్తాయి. ఎవరిలో ఎక్కువగా పరిశోధన జరిగిందో వారి స్థానాలే ఆ చిప్పు మీద ఉంటాయి. 2018లో అమెరికా ప్రభుత్వం రొమ్ము క్యాన్సర్ సంబంధమైన బి.ఆర్.సి.ఏ. జన్యువుల పరీక్షను నేరుగా ప్రజలకు అమ్మడానికి అనుమతించింది. అప్పట్లో అది చూసింది అష్కెనాజీ యూదుల్లో సాధారణమైన మూడు మార్పులను. ఆ జన్యువుల్లో ప్రమాదకరమైన మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక తెలుగు మహిళకు ఆ మూడూ లేవని తెలిస్తే ఆమెకు దాదాపు ఏమీ తెలియనట్టే. తిరగేసి కూడా జరుగుతుంది. కంపెనీలు ఇచ్చే ముడి సమాచారంలో కనిపించిన లోపాలను ఒక వైద్య ప్రయోగశాల మళ్లీ పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో 40 శాతం అసలు లేనే లేవు, చిప్పు తప్పుగా చదివింది. అందుకే ఏ కీడు కనిపించినా వైద్య ప్రయోగశాలలో రెండోసారి నిర్ధారించుకోకుండా నిర్ణయం తీసుకోకూడదు.

ఇప్పటిదాకా మాట్లాడింది ఒక జన్యువు, ఒక ఫలితం. అన్ని లోపాలూ ఇంత కచ్చితంగా మాట్లాడవు. గుండె కండరానికి సంబంధించిన ఎం.వై.బి.పి.సి.3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు దక్షిణాసియావారిలో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో తంగరాజ్ తదితరులు చూపారు. అది ఉన్నవారికి గుండె వైఫల్యం ముప్పు దాదాపు ఏడు రెట్లు. అయినా ఆ మార్పు ఉండి ముసలితనం దాకా హాయిగా ఉన్నవారూ ఎందరో. ఇక మధుమేహం లాంటి వాటిలో వందలాది స్థానాలు తలా కొంచెం పాత్ర వహిస్తాయి. అన్నిటినీ కూడి ఒక అంకెగా ఇస్తారు. ఆ కూడికకు ఆధారమైన పరిశోధనల్లో పాల్గొన్నవారిలో సుమారు 79 శాతం ఐరోపా సంతతివారని 2019లో లెక్క తేలింది. ప్రపంచ జనాభాలో వారు ఆరింట ఒక వంతు మాత్రమే. కనుక ఆ అంకె మనవారి విషయంలో తక్కువ నమ్మదగినది. మధుమేహం సంగతి తెలుసుకోవాలంటే పరగడుపున చేసే చక్కెర పరీక్ష, అమ్మానాన్నల చరిత్ర, నడుము చుట్టుకొలత ఇప్పటికీ ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం.

ఆ అమ్మాయి చివరికి ఎంజైము కొలత చేయించుకుంది. మామూలులో దాదాపు సగం వచ్చింది. సగం అన్న అంకె వాహకులకూ రావచ్చు, కొందరు ఆరోగ్యవంతులకూ రావచ్చు. కనుక జన్యువు మొత్తం చదివించారు. 307వ చోట ఒక ప్రతిలో టి, మరో ప్రతిలో సి. అంటే ఆమె వాహకురాలు. వాహకులకు మందు ప్రభావం మామూలుగానే ఉంటుంది, లేదా కొద్ది నిమిషాలు ఎక్కువ ఉంటుంది. భర్తది కూడా అదే సమాజం. మనం ముందు ఊహించిన లెక్కే తీసుకుంటే, ఆయన వాహకుడు కావడానికి అవకాశం నూటికి సుమారు 18. అప్పుడు బిడ్డకు రెండు లోప ప్రతులూ వచ్చే అవకాశం అందులో నాలుగో వంతు, అంటే నూటికి నాలుగున్నర. ఆయన పరీక్ష చేయించుకున్నాడు, లోపం లేదని తేలింది. అప్పటిదాకా నాలుగున్నరగా ఉన్నది దాదాపు సున్నా అయింది.

2017లో సి.సి.ఎం.బి., హార్వర్డ్ పరిశోధకులు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల నుంచి 2,800 మందికి పైగా డీఎన్‌ఏను పోల్చారు. స్థాపక ఘటన విషయంలో 81 సమూహాలు ఫిన్లాండువారినీ, అష్కెనాజీ యూదులనూ మించి ఉన్నాయి. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. అంటే వైశ్యులది ప్రత్యేకమైన దౌర్భాగ్యం కాదు. వారి విషయంలో ఒక మందు వల్ల సంగతి ముందే బయటపడింది, అంతే. తక్కిన సమూహాలు చాలావాటిలో ఏ అక్షరం ఎక్కడ తప్పిందో ఇంకా ఎవరూ వెతకలేదు. అక్కడి పిల్లవాడి నివేదికలో 'లోపం కనబడలేదు' అని ఉంటే, ఏయే స్థానాలు చూశారన్నదే మొదట అడగవలసిన ప్రశ్న.

తమ్ముడి జేబులో ఇప్పుడు ఒక చిన్న కార్డు ఉంటుంది. రక్తపు గ్రూపు పక్కన సక్సినైల్ కోలిన్, మైవాక్యూరియం వాడరాదని ఎర్ర సిరాతో రాసి ఉంది. నిరుడు పన్ను తీయించుకోవడానికి వెళ్లినప్పుడు దాన్ని దంత వైద్యుడికి చూపించాడట. ఆయన నవ్వి, "ఇక్కడ ఆ మందులు వాడం బాబూ, అయినా చూపించి మంచిపని చేశావు" అన్నారట.